ప్రశ్న గుర్తు తరువాతి చిన్నక్షరం

ఇంగ్లీషు వచ్చినట్టు నటించేవాడిని పట్టుకోవడానికి నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. ఏదో ఒక ప్రశ్నను కొటేషన్ గుర్తుల మధ్య రాసి, దాని వెనకాలే "అని అతను అడిగాడు" అనే ముక్కను ఇంగ్లీషులో చేర్చమంటాను. పట్టాలున్నవాళ్లు, కోట్లు తొడిగినవాళ్లు, కొడుకుల పెళ్లి పత్రికలు ఇంగ్లీషులో అచ్చు వేయించి ఊరంతా పంచేవాళ్లు అక్కడ బోర్లా పడగా చూశాను. ప్రశ్న గుర్తు కనబడగానే వాక్యం అయిపోయిందని వాళ్ల నమ్మకం. వెంటనే He అని ఒక పెద్ద అక్షరాన్ని నిలబెడతారు. వాక్యం ఇంకా కాలేదయ్యా, అడిగినవాడు గడప అవతలే ఉన్నాడు, వాడిని కూడా లోపలికి రానిచ్చి అప్పుడు ఫుల్‌స్టాప్ పెట్టు అంటే ఒక నవ్వు నవ్వుతారు. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అన్న నవ్వు. ఆ నవ్వు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ చిన్నదాని దగ్గర ఒక మనిషి బతుకు ఆగిపోవడం నేను కళ్లారా చూశాను గనక.

యాభైల్లో మాట. సోలాపూర్ అప్పటికి బొంబాయి రాజ్యంలో ఉంది. నేతపని కోసం తెలంగాణ నుంచి వలస వచ్చిన మేం జోడ్‌భావి పేటలో ఒక ముందు గది, ఒక వెనక గది ఉన్న ఇంట్లో ఉండేవాళ్లం. మా అన్నా నేనూ దుప్పట్లు నేసే చద్దర్ల కార్ఖానాలో మగ్గాల మీద పని చేసేవాళ్లం. ఇంట్లో అమ్మ తునికాకు కత్తిరించేది, వదినె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. పేటలో ప్రతి ఇంటి గడప దగ్గరా అదే చాట, అదే ఆకు, అదే తంబాకు వాసన. మిగతా ఆడవాళ్లకు ఆ వాసన అలవాటైపోయింది. మా వదినెకు మాత్రం పడేది కాదు. మధ్యాహ్నానికల్లా దగ్గు మొదలయ్యేది. చాట పక్కన పెట్టి, గోడకు ఆనుకుని, దగ్గు తగ్గేదాకా కూర్చుని, మళ్లీ చాట ఎత్తుకునేది. ఇంకేదైనా పని దొరికితే తప్ప ఆ దగ్గు ఆమెను వదలదని మా అందరికీ తెలుసు. దొరకదని కూడా తెలుసు.

ఆమెకు ఒకటే ఆస్తి. పెళ్లికి ముందు ఆడపిల్లల హైస్కూల్లో కొన్నాళ్లు ఇంగ్లీషు చదువుకుంది. సంబంధం కుదరగానే మాన్పించారు. చదువు మాన్పించగలిగారు గానీ దాన్ని ఆమె బుర్రలోంచి తీయలేకపోయారు. అప్పటికే మీసాలొచ్చిన నాకు ఇంగ్లీషు ఆమే నేర్పింది. సెలవు రోజు నేను ఆమె చాట ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఆమె చేతులు బీడీలు చుడుతుండేవి, నోరు నన్ను తిడుతుండేది.

"తమ్మి, మనకు మాట యాడ మొదలైతదో ఎవ్వనికి ఎరుక లేదు," అన్నది ఒకసారి. "యాడికి పోతున్నవ్ అని అడిగిండు అంటం. 'అని' వచ్చినంక గని మాట అయిపోయిందని తెల్వది. మనకు వెనుక తలుపే ఉన్నది. వాళ్లకు ముందర తలుపు సుత ఉంటది. నువ్వు ఎప్పుడూ ముందర తలుపు మర్శిపోతవ్."

నిజమే. నేనే కాదు, మా పేటలో ఇంగ్లీషు మొదలుపెట్టిన ప్రతివాడూ మూసే గుర్తులు పెట్టి తెరిచే గుర్తులు మరిచిపోయేవాడు. మరాఠీవాళ్ల పిల్లలు ఈ తప్పు ఎక్కువ చేయగా నేను చూడలేదు. మాకు 'అని' అలవాటు.

ఆమె చెప్పిన మిగతాది కూడా రాస్తాను. చదివేవాళ్లలో సూటు తొడిగిన మూర్ఖుడు ఒకడైనా ఉండకపోడు. చెప్పేవాడు ముందు వస్తే అతని తరువాత కామా, ఆ పైన గుర్తులు తెరవాలి, లోపలి మాట పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. ప్రశ్న అయితే ప్రశ్న గుర్తు లోపలే, మూసే గుర్తులకు ముందే. ఆ తరువాత ఇంకో ఫుల్‌స్టాప్ అక్కర్లేదు. మాట ముందు వచ్చి చెప్పేవాడు వెనక వస్తే, మామూలు మాటకు ఫుల్‌స్టాప్ ఉండాల్సిన చోట కామా పెట్టి గుర్తులు మూయాలి. ప్రశ్నకు మాత్రం ప్రశ్న గుర్తు చాలు, కామా వద్దు. అడిగినవాడు he అయితే చిన్నక్షరమే. అతని దగ్గర వాక్యం అయిపోతే, ఫుల్‌స్టాప్ అక్కడ.

ఇదంతా ఆమెకు పుట్టుకతో రాలేదు. మొదట్లో ప్రశ్న గుర్తు తరువాత కామా కూడా పెట్టాలని నాకు నేర్పింది. కొన్నాళ్లు అలాగే రాశాను. ఒకరోజు బీడీల కట్టకు చుట్టి వచ్చిన పాత ఇంగ్లీషు పుస్తకం కాగితం చూసి, "తమ్మి, ఆ కామా తీసెయ్. నేను తప్పు చెప్పిన," అన్నది. అంతే. మొహం మాడ్చుకోలేదు, కారణాలు వెతకలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు రాబోయే పెద్దమనిషిని దీనితో పోల్చుకోవాలి.

ఆ రోజుల్లో మా కులసంఘం హాల్లో ఆడపిల్లలకు ఇంగ్లీషు క్లాసు పెడదామని సంఘం వాళ్లకు బుద్ధి పుట్టింది. మగ మాస్టరు దగ్గరకు పిల్లలను పంపేది లేదని తండ్రులు తెగేసి చెప్పారు. అందుకని ఒక ఆడ టీచరు కావాలన్నారు. సంఘం అధ్యక్షుడు చద్దర్ల కార్ఖానా సావుకారు. ఇంగ్లీషులో తన సంతకం తప్ప ఏమీ రానివాడు. కనక పరీక్ష పెట్టడానికి పూనాలో బీయే చదివి వచ్చిన మా కులపు మాస్టరును పిలిపించాడు. ఆయనను పేటంతా 'సార్' అనేది. పేరుతో ఎవరూ పిలిచేవాళ్లు కాదు, భయభక్తులతో. నేనూ సార్ అనే రాస్తాను, వేరే ఉద్దేశంతో.

సార్ గురించి చెప్పాలంటే, తెల్లటి పాంటు, చేతిలో గొడుగు, ప్రతి మాటకూ ముందు ఒక దగ్గు. మా వదినె దగ్గుకు కారణం ఉండేది. ఆయన దగ్గుకు ప్రేక్షకులు ఉండేవారు. వచ్చీ రాగానే చేసిన మొదటి పని, పెయింటర్‌ను పిలిపించి హాలు గోడ మీద నల్లబల్లకు పైన తన నియమాలు నూనె రంగుతో రాయించడం. వాటిలో ఒకటి ఇది: ప్రశ్న గుర్తు తరువాత ఎల్లప్పుడూ పెద్ద అక్షరం. 'ఎల్లప్పుడూ' కింద గీత కూడా. మూర్ఖుడు గీత గీయకుండా ఉండలేడు.

ఉద్యోగం కావాలనుకున్న ఆడవాళ్లు ముందు కొన్ని ఆదివారాలు సార్ పాఠాలు వినాలన్నారు. వదినెకు తోడుగా నేను వెళ్లేవాణ్ణి. ఒక ఆదివారం ఆమె లేచి ఆ నియమం గురించి అడిగింది.

"సార్, ప్రశ్న తరువాత 'అతను అడిగిండు' అని వస్తే సుత పెద్దక్షరమేనా?"

"గోడ మీద ఏమున్నది బాయి?" మరాఠీవాళ్లలాగా ఆయన ఆడవాళ్లను బాయి అనేవాడు.

"గోడ మీద ఉన్నదే అడుగుతున్న సార్. పుస్తకాలల్ల చిన్నక్షరం ఉంటది."

సార్ దగ్గి, గొడుగు బల్లకు ఆనించి, హాలంతా వినేటట్టు అన్నాడు: "ఏ పుస్తకం బాయి? బీడీ కట్టలకు చుట్టి వస్తదే, ఆ పుస్తకమా?"

కూర్చున్నవాళ్లు నవ్వారు. సగం మంది ఎందుకు నవ్వుతున్నారో తెలియక నవ్వారు. ఆ కాగితం సంగతి సార్‌కు తెలియదు. ఊరికే అన్నాడు, తగిలింది. వదినె కూర్చుంది. ఇంటికి వస్తూ దారిలో నేను బుసలు కొడుతుంటే, "ఊకో తమ్మి, పరీక్షల చూసుకుందాం," అన్నది.

పరీక్ష రోజు హాలు నిండిపోయింది. ముందు వరసలో సంఘం పెద్దలు, గోడ వారగా పిల్లల తండ్రులు, వెనకాల ఆడవాళ్లు. మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది. నేను ఆ రోజు నాగా పెట్టాను, అన్న పని వదిలి రాలేకపోయాడు. పోటీలో చివరికి మిగిలింది ఇద్దరే. ఒకరు మా వదినె, ఇంకొకరు సార్ ఉండే గల్లీ నుంచి వచ్చిన ఒక బాయి. ఆమెకు సార్ నియమాలన్నీ కంఠపాఠం.

పద్ధతి ఏమిటంటే, సార్ బల్ల మీద ఒక వాక్యాన్ని గుర్తులు లేకుండా, అన్నీ చిన్నక్షరాలతో రాస్తాడు. టీచరు కావాలనుకున్న మనిషి దాన్ని సరిచేసి రాయాలి. ఆ తరువాత పిల్లలకు డిక్టేషన్ ఇచ్చినట్టు, మాటలనూ గుర్తులనూ పైకి చెప్పాలి. గల్లీ బాయికి వచ్చిన వాక్యంలో ఒక తోటమాలి ఉన్నాడు. 'తోటమాలి అడిగాడు' అన్నది ముందే ఉంది కాబట్టి ఆమె తప్పు చేయడానికి చోటు లేకపోయింది. చకచకా రాసి, చదివి, కూర్చుంది.

మా వదినె వంతుకు సార్ రాసిన వాక్యం ఇది. చుక్కలున్న చోట ఒక పేరు ఉంది.

........ asked his wife will you come with me to the market

ఆ పేరు మా అన్నది. సార్ కావాలని రాశాడని పేటలో కొందరు తరువాత అన్నారు. నేను నమ్మను. కుట్ర చేయాలన్నా కొంత తెలివి కావాలి. పురాణాల్లోంచి తీసిన సాదా పేరు, పేటలో గల్లీకొకడు ఉన్నాడు ఆ పేరుతో. ఆయన చేతికి అదే వచ్చింది.

వదినె సుద్దముక్క తీసుకుని తప్పు లేకుండా రాసింది. పేరు మొదట పెద్దక్షరం, wife తరువాత కామా, గుర్తులు తెరిచి పెద్ద W, market తరువాత ప్రశ్న గుర్తు, దాని తరువాత గుర్తులు మూసింది. రాయడానికి ఆమెకు అడ్డు లేదు. చేయి రాస్తే దోషం లేదు, నోరు పలికితేనే. మా ఇళ్లల్లో ఆడది మొగుడి పేరు ఎత్తితే అతని ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. నమ్మకం తెలివైనదని నేననను. కానీ దాన్ని నమ్మేవాళ్లు ఆ హాలు నిండా ఉన్నారు, వాళ్ల కూతుళ్ల కోసమే ఆ క్లాసు.

"చదువు బాయి," అన్నాడు సార్. "గుర్తులతో సహా."

ఆమె సుద్ద చివరను పేరు కింద ఒక క్షణం ఆనించి, తరువాతి మాట నుంచి ఎత్తుకుంది. "asked his wife, కామా, ఇన్వర్టెడ్ కామాస్ ఓపెన్, కాపిటల్ డబ్ల్యూ, Will you come with me to the market, క్వశ్చన్ మార్క్, ఇన్వర్టెడ్ కామాస్ క్లోజ్."

"మొదటి మాట మింగినవ్."

"బోర్డు మీద ఉన్నది సార్."

"అది కండ్లకు. డిక్టేషన్ చెవులకు. మొదటి మాట చెప్పు."

 సావుకారు ముందుకు వంగి, గొంతు తగ్గించానని అనుకుంటూ హాలంతటికీ వినిపించేటట్టు అన్నాడు: "సార్, అది ఆమె మొగని పేరు."

సార్ మొహం వెలిగింది. "అరే, గంతేనా. మరాఠీ ఆడోళ్లు పెండ్లిల్ల ఉఖాణా పెట్టి మొగని పేరు చెప్తరు గద. నువ్వు సుత ఒక పాట కట్టి చెప్పు. మేం అందరం వింటం."

ముందు వరస నవ్వింది. వదినె వెనక్కి తిరగకుండానే అడిగింది: "ఉఖాణాల కామా యాడ పెట్టాలె సార్?"

ఈసారి ఆడవాళ్లు నవ్వారు. సార్‌కు ఆ నవ్వు నచ్చలేదు. తన మీద పడని నవ్వు మాత్రమే ఆయనకు నవ్వు.

"తమాషా కాదు బాయి. పేరు పలకలేని టీచర్ పిల్లల హాజరీ ఎట్ల పిలుస్తది? రేపు పుస్తకంల ఇదే పేరు వస్తే క్లాసు బంద్ చేస్తవా?"

నిజం చెప్పాలంటే, ఆయన జీవితంలో అడిగిన ఒక్క సరైన ప్రశ్న అదే. మా వదినె అక్కడ రెండు గోడల మధ్య ఇరుక్కుపోయింది. పేరు ఎత్తితే గోడ వారగా నిలబడ్డ తండ్రులు పిల్లలను పంపరు. ఎత్తకపోతే సార్ పని ఇవ్వడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలను చూస్తోంది. 

"వాక్యం తిప్పి రాస్త సార్," అన్నది వదినె. "అర్థం మారది. పేరు లేకుండ నడుస్తది."

సార్ ఏమీ అనకముందే బల్ల తుడిచి రాసింది.

"Will you come with me to the market?" he asked his wife.

రాసి, గట్టిగా, ప్రతి గుర్తునూ విడమరిచి చెప్పింది. "క్వశ్చన్ మార్క్, ఇన్వర్టెడ్ కామాస్ క్లోజ్, స్మాల్ హెచ్, he asked his wife, ఫుల్‌స్టాప్." పేరు పోయింది, మొగుడు మిగిలాడు, బజారు మిగిలింది. అడిగినవాడు గోప్యంగా, మర్యాదగా వాక్యం చివర నిలబడ్డాడు. తండ్రులు తలలూపారు. సావుకారు కూడా ఊపాడు. 

సార్ బల్ల దగ్గరకు నడిచి వచ్చాడు. చూపుడు వేలితో ఆ చిన్న h ను తుడిచేసి, అక్కడ తాటికాయంత H పెట్టాడు. అది చాలక మూసే గుర్తుల తరువాత ఒక కామా కూడా తగిలించాడు. గోడ మీద గీత గీసిన నియమాన్ని గొడుగుతో చూపించాడు.

"ఇంగ్లీషులో నువ్వు వెనుక ఉన్నవ్ బాయి."

వదినె ఆ H ను తుడిచి మళ్లీ చిన్నది రాసింది. కామా తుడిచింది.  పరీక్ష పెట్టినవాడి అక్షరాన్ని ఒక బీడీల మనిషి అందరి ముందూ తుడవడం మా పేటలో ఎవరూ చూసి ఉండరు.

"సార్, కోపం చెయ్యకుండ్రి. ప్రశ్న అయిపోయింది గని వాక్యం కాలే. అల్మారల రీడర్ ఉన్నది గద, తీసి చూడుండ్రి."

సావుకారు తాళం తీయించాడు. సంఘం అల్మారాలో ఎవరో దానం చేసిన ఇంగ్లీషు కథల రీడరు ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది. వదినె పేజీలు తిప్పి, ఒక కథలో టోపీ పోగొట్టుకున్న ముసలివాడు 'నా టోపీ ఏది' అని అడిగే చోట వేలు పెట్టి చూపించింది. ప్రశ్న గుర్తు, మూసే గుర్తులు, చిన్న h. కామా లేదు. అందరూ తొంగి చూశారు. చదవడం రానివాళ్లకు కూడా అది కురచ అక్షరమని కనబడింది.

సార్ కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. దగ్గాడు.

"ప్రింటింగ్ మిస్టేక్," అన్నాడు.

వదినె ఇంకో పేజీ తిప్పింది. అక్కడా అంతే.

"ఒకే కంపోజిటర్. తప్పు ఒకసారి చేసెటోడు మళ్ల మళ్ల చేస్తడు."

ఆయన తన గురించి చెప్పుకుంటున్నాడని నేను తప్ప ఎవరూ అనుకోలేదు. వదినె పుస్తకాన్ని సావుకారు ముందు పెట్టింది. ఆయన దాన్ని కాసేపు గౌరవంగా చూసి, మూసి, సార్ చేతికి ఇచ్చాడు. "సార్ పూనాల చదువుకున్నడు బిడ్డా. పుస్తకం ఆడ చదువుకోలే గద," అన్నాడు. ఈ మాట మీద నేను ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. దీనిలో ఏదైనా అర్థం దొరికితే చెబుదామని. దొరకలేదు. ముందు వరసలో ఉన్నవాళ్లంతా తలలూపారు. ఒక్కడైనా, ఒక్క మగాడైనా, అచ్చయిన పుస్తకాన్ని కంటితో చూసి కూడా అది నిజమనలేదు. నేను లేచి మాట్లాడబోతే వదినె కంటితోనే కూర్చోమంది.

పని గల్లీ బాయికి ఇచ్చారు.

సాయంత్రం మిల్లు సైరన్, మేం భోంగా అనేది, మోగాక అన్న ఇంటికి వచ్చాడు. అప్పటికే దారిలో ఎవరో చెప్పేశారు. చెప్పులు విప్పుతూనే అడిగాడు.

"నా పేరు చెప్తే ఏమయితుండె? అక్కడికక్కడ సచ్చిపోతుంటినా?"

"నోరు కడుక్కో," అన్నది అమ్మ వెనక గదిలోంచి. "పోరి మంచి పని చేసింది."

వదినె చాట దగ్గర కూర్చుని ఆకు తడి చూస్తోంది. "నౌకరీ పేరు కాడ పోలేదు అత్తమ్మ," అన్నది. "పేరు చెప్పినా చెప్పకున్నా సార్‌కు పట్టుకోనికి ఏదో ఒకటి కావాలె. నా నౌకరీ చిన్నక్షరం కాడ పోయింది. గిది మీరందరు సమఝ్ చేసుకోవాలె."

అన్నకు అర్థం కాలేదు, అమ్మకు అసలే కాలేదు. నాకు అయింది. ఆమె చాట ఎత్తుకుంది. చాలాసేపు చుట్టింది. దగ్గు వచ్చినప్పుడు ఆగింది, తగ్గాక చుట్టింది. ఆ రోజు నాకు పాఠం చెప్పలేదు.

ఇక్కడితో కథ అయిపోయి ఉంటే ఒక మూర్ఖుడు గెలిచాడని రాసి ఊరుకునేవాణ్ణి. కానీ మా పేట మూర్ఖత్వం ఒక దారిలో పోయేది కాదు.

కొత్త టీచరు క్లాసు మొదలైంది. పిల్లలు రోజూ వెళ్లి పెద్ద H లు దిద్దుకుని వస్తున్నారు. ఒక రోజు ఎవరో పిల్ల ఆమెను, "బాయి, మీ ఇంటాయన ఏం చేస్తడు?" అని అడిగిందట. ఆమె తడుముకోకుండా మొగుడి పేరు చెప్పి, ఫలానా ఆఫీసులో పని అన్నదట. నాకైతే దానిలో తప్పేమీ కనబడలేదు. ఆమెకు పేరు పలకడం అలవాటు, పలికింది. కానీ ఆ మాట సాయంత్రానికి ప్రతి చాట దగ్గరకూ చేరింది. నల్లా దగ్గర నీళ్లకు నిలబడ్డ ఆడవాళ్లు, కార్ఖానాలో కండెలు చుట్టేవాళ్లు, అందరూ అదే మాట. ఫలానా ఇంటి కోడలు పని పోయినా పేరు ఎత్తలేదు, ఈమె అడక్కముందే ఎత్తేసింది, ఇటువంటిదాని దగ్గర మన పిల్లలేం నేర్చుకుంటారు. తండ్రులు ఒక్కొక్కరే పిల్లలను మాన్పించారు. హాలు ఖాళీ అయింది. ఆ బాయి తప్పేమిటో తెలియకుండానే ఇంటికి వెళ్లిపోయింది. ఆమెకు నేర్పినవాడి మీద నాకు ఉన్న కోపం ఆమె మీద లేదు.

అప్పుడు సావుకారు మా ఇంటికి వచ్చాడు. ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని, గడపలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా.

"బిడ్డా, నీ అసుంటి ఇల్లాలే క్లాసుకు కావాలె. పేటంత ఒక్కటే మాట. రేపటి సంది నువ్వే చూడు."

అమ్మ సంతోషంతో చేతులు తుడుచుకుంది. వదినె లేవలేదు.

"సావుకార్, ఇల్లాలి నౌకరీ నాకు ఇంట్లనే ఉన్నది. నాకు ఇంగ్లీష్ నౌకరీ కావాలె."

"అదే గద ఇస్తున్నది."

"కాదు. మీరు పేరు ఎత్తనందుకు ఇస్తున్నరు. అట్లనే ఇయ్యుండ్రి, వద్దనను. నాకు తంబాకు పడ్తలేదు, పని కావాలె. గని గోడ మీద సార్ రాయించిన ప్రశ్న గుర్తు మాట తుడిపియ్యాలె. అది ఉంటే నేను ఆ గోడ కింద నిలబడ."

సావుకారు బుర్ర గోక్కున్నాడు. "సార్ ఏమంటడో."

"ఏమన్నా అననీ. మీ కార్ఖానాల చద్దరు మీద పువ్వు బుట్టా తిరగబడితే సార్‌ను అడిగి సర్దుతరా?"

"ఒక్క అక్షరం కోసం గింత మొండిపట్టా బిడ్డా?"

"ఒక్క అక్షరం కోసమే మీరు నన్ను ఇంటికి పంపింది."

ఆయనకు అది గుర్తు లేదు. నిజంగానే లేదు. ఆయన లెక్కలో ఆమె ఓడిపోయింది పేరు దగ్గర, గెలిచింది కూడా పేరు దగ్గరే. అక్షరం సంగతి ఆయన బుర్రలోకి ఎన్నడూ పోలేదు. "సరే, సున్నం ఉన్నది, ఎవరన్న కొట్టుకోండ్రి," అని వెళ్లిపోయాడు.

ఆ 'ఎవరన్న' నేనే. మర్నాడు కార్ఖానాకు ముందు వెళ్లి, సార్ నియమం మీద, దాని కింది గీత మీద, దళసరిగా సున్నం కొట్టాను. నూనె రంగు మొండిది, మళ్లీ మళ్లీ పైకి వచ్చేది. అది వచ్చినప్పుడల్లా వెళ్లి మళ్లీ కొట్టేవాణ్ణి. నా జీవితంలో మనస్ఫూర్తిగా చేసిన గోడపని అది ఒక్కటే. సార్ ఆ తరువాత మా పేటకు రాలేదు. వేరే చోట ఇంకా పెద్ద ఉద్యోగం వచ్చిందన్నారు. వస్తుంది. అటువంటివాళ్లకే వస్తుంది.

వదినె ఆ హాల్లో చాలా ఏళ్లు పాఠం చెప్పింది. దగ్గు పూర్తిగా పోలేదు గానీ, మధ్యాహ్నాలు గోడకు ఆనుకునే అవసరం తగ్గింది. ఆమె డిక్టేషన్ వీధిలోకి వినబడేది. బీడీలు చుట్టే పిల్లలు ఇంటి దగ్గర చాటల ముందు కూర్చుని కూడా, "క్వశ్చన్ మార్క్, క్లోజ్, స్మాల్ హెచ్," అని పాటలాగా అనుకునేవాళ్లు.

ఒక వింత మాత్రం మిగిలింది. పేర్లతో చిక్కు రాకుండా ఆమె తన పాఠాల్లో ప్రశ్న ముందు, అడిగినవాడు వెనక, వాడు ఎప్పుడూ he గానే ఉండేటట్టు చూసుకునేది. ఒకసారి బడుల ఇన్‌స్పెక్టర్ ఎవరో వచ్చి పిల్లల పలకలు చూసి, అడిగినవాళ్లకు ఒక్కరికీ పేరు లేదేమిటన్నాడు. ఒక పిల్ల లేచి జవాబు చెప్పింది.

"అడిగెటోళ్ల పేరు ఎత్తద్దు సార్. చిన్నగ రాయాలె."

ఆ సాయంత్రం ఇంట్లో నేను వదినెతో గొడవపడ్డాను. నువ్వు కూడా గోడ మీద రాసినట్టే చేశావు, పేరున్నచోట పెద్దక్షరం రాయడం వాళ్లకు ఎప్పుడొస్తుంది అన్నాను. 

"నువ్వన్నది నిజమే తమ్మి. రేపు పేర్లు పెట్టి చెప్త," అన్నది. "మీ అన్న పేరొక్కటి ఇడిశి."

చెప్పింది కూడా. కానీ ముందే నేర్చుకున్నవాళ్లకు ఆ అలవాటు పోలేదు. వాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. మనవలకు ఏదైనా ఇంగ్లీషులో రాసి చూపించాల్సి వస్తే, ప్రశ్న ముందు పెడతారు, గుర్తులు మూస్తారు, పేరు లేని ఒక చిన్న he ను నిలబెట్టి ఫుల్‌స్టాప్ పెడతారు. పట్టాలున్న మనవలు దాన్ని పెద్ద H గా దిద్దుతారు. నేను ఎదురుగా ఉంటే మళ్లీ చిన్నది చేయిస్తాను. నేనూ ఆమె దగ్గర నేర్చుకున్నవాణ్ణే. ఇంతసేపూ ఇందులో ఒక్కరి పేరూ ఎత్తలేదు.